కేవైసీలో ‘ఫొటో స్పష్టంగా లేదు’ అంటే ఎక్కడ చెడినట్టు?

బ్యాంకు ఖాతా కోసమో డీమ్యాట్ ఖాతా కోసమో ఫోన్లోనే కేవైసీ చేసుకుందామని కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఎదురయ్యే మాట ఒకటుంది: ‘ఫొటో స్పష్టంగా లేదు, మళ్ళీ తీయండి’. మళ్ళీ తీస్తారు, మళ్ళీ అదే మాట వస్తుంది. నాలుగోసారికి టెన్షన్ మొదలవుతుంది. ఐదోసారికి ఫోన్ కెమెరా పాడైందేమోనన్న అనుమానం వస్తుంది.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ‘స్పష్టంగా లేదు’ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు లోపాలున్నాయి. ఫోకస్ తప్పి ఉండొచ్చు. చెయ్యి కదిలి ఉండొచ్చు. లెన్సు మీద జిడ్డో ఆవిరో ఉండొచ్చు. లేదా ఫొటో బాగానే వచ్చి, పంపేటప్పుడు ఫైలు నలిగిపోయి ఉండొచ్చు. నాలుగూ పైకి మసకలాగే కనిపిస్తాయి గానీ ఒకదానికి చేసే మందు ఇంకోదానికి పనిచేయదు. ఫోకస్ తప్పిన ఫొటోకి లైటు పెంచినా అక్షరాలు తేలవు. నలిగిపోయిన ఫైలు కోసం కెమెరా ఎంత తుడిచినా లాభం లేదు. కాబట్టి మళ్ళీ తీసేముందు ఏది చెడిందో తేల్చుకోవాలి. అది తేల్చడం అనుకున్నంత కష్టం కాదు.

విశాఖలోని గాజువాకలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నా బల్ల మీదికి తరచు వస్తాయి. ఈమధ్య వచ్చిన ఒక కేసు చెబుతాను, ఎందుకంటే అందులో దాదాపు అన్ని లోపాలూ వరసగా కనిపించాయి. పరవాడలో మందుల కంపెనీలో పనిచేసే కుర్రాడు. షేర్ల ఖాతా తెరుద్దామని రాత్రి డ్యూటీ దిగి వచ్చాక, గదిలో ట్యూబులైటు కింద, మంచం మీద కూర్చుని పాన్ కార్డు ఫొటో తీశాడు. యాప్ ఒప్పుకోలేదు. “చూడన్నా, గ్యాలరీలో పేరు చక్కగా చదవగలుగుతున్నాం కదా, వాడికేమైంది?” అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

ఫొటోను వేళ్ళతో సాగదీసి చూస్తే సంగతి తెలిసింది. పేరు చదవగలుగుతున్నాం, నిజమే. కానీ అక్షరాల అంచులు పొగలా ఉన్నాయి. కార్డు పట్టుకున్న బొటనవేలి గీతలు మాత్రం కార్డు కంటే బాగా కనిపిస్తున్నాయి. కార్డు వెనక దుప్పటి నేత ఇంకా బాగుంది. ఇది ఫోకస్ తప్పిందనడానికి తిరుగులేని గుర్తు. ఫోకస్ తప్పిన ఫొటోలో ఎక్కడో ఒకచోట స్పష్టత ఉంటుంది, అది మనకు కావలసిన చోట ఉండదు, అంతే.

దగ్గరికి వెళ్తే ఎందుకు చెడుతుంది

కార్డు తెర నిండా కనబడాలని అందరూ ఫోన్ను దగ్గరికి తీసుకెళ్తారు. యాప్ కూడా తెర మీద ఒక చట్రం గీసి, కార్డును అందులో సరిగ్గా పట్టించమంటుంది. ఇక్కడే ఒక చిన్న లెక్క చూడాలి.

పాన్ కార్డు, ప్లాస్టిక్ ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, అన్నీ ఒకే కొలత: 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు. ఫోన్ వెనక ఉండే మామూలు కెమెరా చాలా విశాలంగా చూస్తుంది. కార్డు నుంచి ఎంత దూరంలో పెడితే, సుమారు దానికి ఒకటింబావు, ఒకటిన్నర రెట్ల మధ్య వెడల్పు ఫ్రేములో పడుతుంది. అంటే కార్డు ఫ్రేములో ఐదింట నాలుగు వంతులు నిండాలంటే ఫోన్ను 8 సెంటీమీటర్ల దూరానికి తేవాలి. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా ఫోకస్ చేయగలిగే అతి దగ్గరి దూరం 8 నుంచి 10 సెంటీమీటర్లు. పెద్ద సెన్సారున్న కొత్త ఫోన్లలో ఆ దూరం ఇంకా ఎక్కువ, కొన్నింటిలో 12, 15 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే యాప్ చట్రం నిండేలా కార్డును పెట్టామంటే, కెమెరా ఫోకస్ చేయగలిగే హద్దు దాటి లోపలికి వెళ్ళిపోయామన్నమాట. ఖరీదైన ఫోన్లోనే ఈ ఇబ్బంది ఎక్కువగా రావడానికి కారణం ఇదే. “నలభై వేల ఫోన్లో రానిది, అమ్మ ఫోన్లో వచ్చింది” అని ఆశ్చర్యపోయేవాళ్ళుంటారు. ఆశ్చర్యం అక్కర్లేదు, అమ్మ ఫోన్లో సెన్సారు చిన్నది, దగ్గరగా ఫోకస్ చేయగలదు.

మరి దూరం జరిగితే కార్డు చిన్నదైపోదా? అవుతుంది. ఎంత చిన్నదైతే ఫర్వాలేదో తెలుసుకోవడానికి ఒక కొలబద్ద కావాలి. కాగితాలు స్కాన్ చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి వాడుతున్న లెక్క 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. మిల్లీమీటరుకు దాదాపు 12. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి ఆ లెక్కన 18 పిక్సెళ్ళు దక్కుతాయి. అక్షరాలను యంత్రం తడబడకుండా చదవడానికి అది సరిపోతుంది. కార్డు మొత్తం పొడవుకి చూస్తే 85.6ని 12తో గుణించాలి, సుమారు వెయ్యి వస్తుంది. ఈ వెయ్యిని గుర్తు పెట్టుకుంటే చాలు. చివరికి అవతలివాళ్ళకు చేరే ఫైలులో కార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వెయ్యి పిక్సెళ్ళు ఉండాలి.

ఇప్పుడు ఫోన్ను 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, పడుకోబెట్టి తీశామనుకుందాం. ఫ్రేములో సుమారు 27 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది, అందులో కార్డుది దాదాపు మూడో వంతు. మామూలు 12 మెగాపిక్సెళ్ళ ఫొటో పొడవు 4000 పిక్సెళ్ళు కాబట్టి, కార్డుకు 1290 దాకా వస్తాయి. అంటే మన వెయ్యి దాటేసింది. తెర మీద కార్డు చిన్నదిగా కనిపించినా సమాచారం చాలినంత ఉంది, ఫోకస్ కూడా తేలిగ్గా పడుతుంది. తరవాత చుట్టూ ఉన్న బల్లను క్రాప్ చేసేస్తే సరి. దగ్గరికెళ్ళి ఫోకస్ పోగొట్టుకోవడం కంటే దూరంగా తీసి కత్తిరించుకోవడం ఎప్పుడూ మేలు.

దగ్గరికి వెళ్ళినప్పుడు కొన్ని ఫోన్లు తమంతట తాము మ్యాక్రోకి మారతాయి. అప్పుడు బొమ్మ తీసేది మెయిన్ కెమెరా కాదు, పక్కనున్న అల్ట్రావైడో, 2 మెగాపిక్సెళ్ళ చిన్న మ్యాక్రో కెమెరానో. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరినట్టు కదిలితే ఆ మార్పు జరిగినట్టు. వెనక్కి జరగండి, మెయిన్ కెమెరా తిరిగి వస్తుంది.

ఇంకో సంగతి. కార్డును చేత్తో పట్టుకుని కాకుండా బల్ల మీద పరచాలి, ఫోన్ దానికి సమాంతరంగా ఉండాలి. దగ్గరి దూరాల్లో ఫోకస్ పడే మందం చాలా తక్కువ. కార్డు ఏటవాలుగా ఉంటే ఒక చివర పేరు స్పష్టంగా, రెండో చివర ఫొటో మసగ్గా వస్తాయి. తీసేముందు తెర మీద అక్షరాలున్న చోట వేలితో తట్టండి. కెమెరా నలుపు తెలుపుల తేడాల్ని చూసి ఫోకస్ పట్టుకుంటుంది కాబట్టి, కార్డులో ఖాళీగా ఉన్న భాగం మీద తడితే దానికి ఆధారం దొరకదు.

ట్యూబులైటు కింద జరిగేది

కుర్రాణ్ణి వెనక్కి జరిగి తియ్యమన్నాను. ఇంటికెళ్ళి, మళ్ళీ రాత్రే, అదే గదిలో 20 సెంటీమీటర్ల దూరం నుంచి తీసి నాకు చూపించాడు. ఈసారి దుప్పటి, వేలు, కార్డు, అన్నీ ఒకేలా మసగ్గా ఉన్నాయి. సాగదీసి చూస్తే అక్షరాలు ఒక పక్కకు జరిగినట్టు, జంటగా కనిపించాయి. నిలువు గీతలు మందంగా, అడ్డగీతలు సన్నగా ఉన్నాయి. మసక ఇలా ఒకే దిశలో సాగి ఉంటే అది చెయ్యి కదలడం వల్ల వచ్చినదే.

గదిలో వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా చేసేది ఒకటే, షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఒక్క ట్యూబులైటు ఉన్న పడకగదిలో అది సెకనులో పదిహేనో వంతు దాకా పోవచ్చు. ఆ కాస్త సేపట్లో ఏమవుతుందని అనిపిస్తుంది. చెయ్యి సెకనుకు ఒక్క సెంటీమీటరు కదిలిందనుకోండి, అది మనకు తెలియనంత మెల్లని కదలిక. సెకనులో పదిహేనో వంతులో కార్డు మూడింట రెండు మిల్లీమీటర్లు జరిగిపోతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో మిల్లీమీటరుకు 15 పిక్సెళ్ళు కాబట్టి, అది 10 పిక్సెళ్ళ కదలిక. ఒకటిన్నర మిల్లీమీటర్ల, అంటే ఇక్కడ 22 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం 10 పిక్సెళ్ళు జరిగితే ‘8’కీ ‘B’కీ తేడా ఉండదు. పాన్ నంబరులో అంకెలూ అక్షరాలూ రెండూ ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు అక్కడే బాగా దెబ్బతీస్తుంది. పగలు కిటికీ పక్కన షట్టర్ సెకనులో 200వ వంతుకు వస్తే, అదే చెయ్యి అదే వేగంతో కదిలినా ఒక్క పిక్సెల్ కూడా జరగదు.

కెమెరాలో ఊపును సరిచేసే ఏర్పాటుంది కదా అంటారు. ఉంది, కానీ అది ఎక్కువగా ఫోన్ తిరిగే ఊపును సరిచేస్తుంది. ఇంత దగ్గరలో ఫోన్ పక్కకు జరిగే కదలికే పెద్దది, దాన్ని అది పూర్తిగా పట్టుకోలేదు.

చీకట్లో ఇంకో నష్టం కూడా ఉంది, అది చెయ్యి కదలకపోయినా జరుగుతుంది. వెలుతురు చాలనప్పుడు బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. ఫోన్ ఆ చుక్కల్ని తుడిచేయడానికి బొమ్మంతా నునుపు చేస్తుంది. ఆ నునుపులో చుక్కలతోబాటు సన్నని గీతలు, చిన్న అక్షరాల మూలలు, ముఖం మీది సహజమైన వివరాలు కూడా పోతాయి. సాగదీసి చూస్తే నీళ్ళ రంగులు వేసిన బొమ్మలా కనిపిస్తుంది. నైట్ మోడ్ దీనికి జవాబు కాదు, అది ఇంకా ఎక్కువసేపు ఫోన్ను కదలకుండా పట్టుకోమంటుంది.

ఫ్లాష్ వేస్తే? కార్డు మీది ప్లాస్టిక్ పొర అద్దంలా పనిచేసి, ఫ్లాష్‌ను తిన్నగా లెన్సులోకే కొడుతుంది. సరిగ్గా పేరు మీదో ఫొటో మీదో తెల్లని మచ్చ పడుతుంది. వెలుతురు అద్దాన్ని ఎంత కోణంలో తాకితే అంతే కోణంలో అవతలికి పోతుందని బడిలో చదివిందే ఇక్కడ పనికొస్తుంది. కార్డును కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా చూసుకుంటే, మెరుపు గదిలో ఇంకో పక్కకు పోతుంది, లెన్సుకు తగలదు. తల మీద ట్యూబులైటు ఉంటే దాన్ని ఆర్పేయడమే మంచిది, లేకపోతే దాని మెరుపో ఫోన్ నీడో కార్డు మీద పడుతుంది. పర్సు కవరులోంచి కార్డు తీసి తియ్యాలని వేరే చెప్పక్కర్లేదు గానీ, చాలామంది తియ్యరు.

కిటికీల సంగతి వచ్చింది కాబట్టి మన ఊరికి సంబంధించిన ఒక మాట. బీచ్ రోడ్డు వైపు, ఎంవీపీ కాలనీ వైపు సముద్రానికి ఎదురుగా, తూర్పుకు తెరుచుకునే కిటికీలున్న ఇళ్ళలో పొద్దున్న ఎండ తిన్నగా లోపలికి వస్తుంది. ఆ సమయంలో ఆ కిటికీ దగ్గర తీస్తే సగం కార్డు తెల్లబడి, సగం నల్లబడుతుంది. మధ్యాహ్నం దాటాక అదే కిటికీ చాలా మెత్తని వెలుతురిస్తుంది. ఉత్తరపు కిటికీ అయితే రోజంతా బాగుంటుంది. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది.

లెన్సు మీద ఉప్పు, ఆవిరి

ఇది చిన్న విషయం, కానీ విశాఖలో పట్టించుకోవలసిన విషయం. ఏసీ ఆఫీసులోంచి బయటి ఉక్కలోకి వచ్చిన ఫోన్ చల్లగా ఉంటుంది. గాలిలోని తేమ దాని లెన్సు మీద సన్నని పొగమంచులా పేరుకుంటుంది. కంటికి సరిగా కనిపించదు. ఆ నిమిషాల్లో తీసిన ప్రతి ఫొటో పాలలో ముంచి తీసినట్టుంటుంది. తుడిచినా మళ్ళీ పడుతుంది, ఎందుకంటే అద్దం ఇంకా చల్లగానే ఉంది. కొంచెంసేపు ఆగి, ఫోన్ బయటి వేడికి సర్దుకున్నాక తీయాలి. సాయంత్రం బీచ్ నుంచి వచ్చిన ఫోన్ మీద ఉప్పు గాలి పొర ఉంటుంది, దానికి వేళ్ళ జిడ్డు తోడవుతుంది. పొడి మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే పోతుంది, చొక్కా అంచుతో రుద్దితే జిడ్డు పరుచుకుంటుంది.

దీన్ని గుర్తుపట్టడం సులువు. వెలుగుతున్న బల్బు వైపు కెమెరా తిప్పి తెర మీద చూడండి. బల్బు చుట్టూ వలయమో, ఒక పక్కకు సాగిన కాంతి గీతలో కనిపిస్తే లోపం లెన్సు మీదే ఉంది. ఫోకస్ తప్పినట్టు ఇది ఒక్కచోట ఉండదు, ఫొటో అంతా సమానంగా వెలవెలబోతుంది, నలుపు బూడిద రంగులోకి దిగుతుంది.

గ్యాలరీలో బాగుంది, అక్కడికి వెళ్ళేసరికి పోయింది

కుర్రాడు మూడోసారి ఆదివారం పగలు కిటికీ పక్కన తీశాడు. ఈసారి ఫొటోలో లోపం లేదు. సాగదీస్తే అక్షరాల అంచులు కత్తితో గీసినట్టున్నాయి. అయినా తిరస్కరించారు. ఏం చేశావని అడిగితే, ఫారం లాప్‌టాప్‌లో నింపుతున్నాడట, ఫొటోను ఫోన్ నుంచి తనకు తనే వాట్సాప్‌లో పంపుకున్నాడు.

వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను చిన్నది చేస్తుంది. పెద్ద అంచు సుమారు 1600 పిక్సెళ్ళకు దిగుతుంది. అతని ఫొటోలో కార్డు ఫ్రేములో మూడో వంతే కదా. 4000లో 1290 ఉన్నది, 1600లో 515కి పడిపోయింది. మన కొలబద్ద వెయ్యి, దానికి సగమే మిగిలింది. 22 పిక్సెళ్ళున్న అక్షరం 9కి దిగింది. ఫోన్ గ్యాలరీలో ఉన్నదీ, లాప్‌టాప్‌లోకి వెళ్ళిందీ ఒకే ఫొటో కాదన్నమాట.

కొలత తగ్గడంతో ఆగదు. జేపీఈజీ పద్ధతి బొమ్మను 8 పిక్సెళ్ళకు 8 పిక్సెళ్ళ గళ్ళుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో పెద్ద తేడాల్ని ఉంచి, సన్నని తేడాల్ని కుదించేస్తుంది. ముఖానికో ఆకాశానికో అది పెద్దగా తెలియదు, అక్కడ మార్పులు నెమ్మదిగా ఉంటాయి. అక్షరం అలా కాదు, నలుపు నుంచి తెలుపుకు ఒక్క గెంతులో మారేదే అక్షరం. ఆ గెంతే ఈ పద్ధతికి ఇబ్బంది. బాగా నలిగిన ఫైలులో అక్షరాల చుట్టూ మురికి మచ్చలు, మెట్లు మెట్లుగా అంచులు కనిపిస్తాయి. మసక ఇలా గళ్ళుగళ్ళుగా ఉంటే, అసలు ఫొటో బాగుండి పంపిన కాపీలో మాత్రమే ఉంటే, మీ కెమెరా తప్పేం లేదు, దారి మార్చాలి.

మేం చేసింది రెండే పనులు. ముందు ఫోన్లోనే బల్లంతా కత్తిరించి కార్డు ఒక్కటే మిగిల్చాం. ఇప్పుడు ఫొటో పొడవే 1300 చిల్లర. 1600 లోపే ఉంది కాబట్టి వాట్సాప్‌లో వెళ్ళినా కొలత తగ్గేది కాదు. అయినా గళ్ళ నష్టం కూడా వద్దని, ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపించాం. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఈసారి ఫొటో ఒప్పుకున్నారు.

స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్ళు కూడా ఉన్నారు. అది తెర మీద ఉన్న పిక్సెళ్ళనే దాస్తుంది. నిలువుగా పట్టుకున్న ఫోన్లో అడ్డంగా 1080 పిక్సెళ్ళుంటే, అందులో కార్డుకు పడినన్నే మీకు దక్కుతాయి. ఇక లాప్‌టాప్ తెర మీది ఫొటోను ఫోన్‌తో ఫొటో తీయడం అసలు వద్దు. తెర పిక్సెళ్ళు, సెన్సారు పిక్సెళ్ళు ఒకదానితో ఒకటి తలపడి అలల్లాంటి చారలు వస్తాయి. నకిలీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ వెతికే గుర్తుల్లో ఆ చారలు ఒకటి. మీరు నిజాయితీగా పంపినా మోసం అనే ఖాతాలో పడతారు.

50 కేబీ గొడవ

ద్వారకానగర్ నెట్ సెంటర్లలో ఉద్యోగాల దరఖాస్తుల రోజుల్లో ఎప్పుడూ వినిపించే మాట ‘సైజు తగ్గించాలి’. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ దరఖాస్తులో ఫొటో 200 అడ్డం, 230 నిలువు పిక్సెళ్ళలో, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. ఇక్కడ వరస తప్పితే మంచి ఫొటో కూడా పాడవుతుంది.

చాలామంది 12 మెగాపిక్సెళ్ళ ఫొటోను తిన్నగా ఒక కుదింపు సైటులో వేసి, 50 కేబీ చెయ్యమంటారు. 50 కేబీ అంటే సుమారు 4 లక్షల బిట్లు. వాటిని కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళకు పంచితే ఒక్కో పిక్సెల్‌కు ఒక బిట్‌లో సుమారు 30వ వంతే వస్తుంది. బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. ఆ తరవాత దాన్ని 200కు 230 చేసినా పోయిన వివరం తిరిగి రాదు. వరస తిప్పండి: ముందు తలా భుజాలూ ఉండేలా కత్తిరించండి, తరవాత 200×230కి కొలత తగ్గించండి, చివరిలో నాణ్యత సర్దండి. అప్పుడు 46 వేల పిక్సెళ్ళకే అదే 4 లక్షల బిట్లు, ఒక్కోదానికి 8కి పైనే. ఇంత ఉంటే నష్టం కంటికి కనిపించదు. నిజానికి అప్పుడు 50 కేబీ మించడం కంటే 20 కేబీకి తగ్గిపోవడమే జరుగుతుంటుంది, నాణ్యత పూర్తిగా పెంచితే సరిపోతుంది. పెళ్ళిలో వంద మంది భోజనాన్ని వెయ్యి మందికి వడ్డించినట్టు కాకుండా, ముందే పిలుపులు తగ్గించుకోవడమన్నమాట.

నెట్ సెంటర్లో పని అయ్యాక ఆ కంప్యూటర్లో మీ కార్డు ఫైలు, వాట్సాప్ వెబ్ లాగిన్ రెండూ తీసేయించుకోండి. రీసైకిల్ బిన్ కూడా చూడండి.

సెల్ఫీ వేరే లెక్క

కార్డులో యంత్రం అక్షరాలు చదువుతుంది. సెల్ఫీలో అది ముఖాన్ని కార్డు మీది ముఖంతో పోలుస్తుంది. ముఖాలు పోల్చే పేరున్న పద్ధతుల్లో కొన్ని ముఖాన్ని కత్తిరించి 112×112 పిక్సెళ్ళంత చిన్న బొమ్మగా చేసుకున్నాకే పని మొదలుపెడతాయి. కాబట్టి సెల్ఫీకి మెగాపిక్సెళ్ళు ముఖ్యం కాదు. ఆ చిన్న బొమ్మలో కళ్ళు, ముక్కు, దవడ ఉన్నవి ఉన్నట్టు తేలాలి.

అయితే ఒక మెలిక ఉంది. గ్యాలరీలోంచి ఫొటో తీసుకోకుండా అప్పటికప్పుడు కెమెరా తెరిచే పేజీలు, ముఖ్యంగా బ్రౌజర్లో నడిచేవి, ఫొటో తీయవు. నడుస్తున్న వీడియోలోంచి ఒక ఫ్రేమును పట్టుకుంటాయి. ఆ ఫ్రేము తరచు 640×480 పిక్సెళ్ళే ఉంటుంది, కాస్త బాగుంటే 1280×720. అదే ఫోన్ గ్యాలరీలో అద్భుతమైన ఫొటోలు తీస్తూ ఈ పేజీలో మాత్రం మసక చూపించడానికి అసలు కారణం ఇదే. పాస్‌పోర్టు తరహా ముఖచిత్రాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణంలో రెండు కళ్ళ నడుమ కనీసం 90 పిక్సెళ్ళుండాలని ఉంది. మనిషి కళ్ళ నడుమ దూరం సుమారు 63 మిల్లీమీటర్లు. చెయ్యి బాగా చాచి 45 సెంటీమీటర్ల దూరంలో నిలువుగా పట్టుకుంటే, 480 పిక్సెళ్ళ వెడల్పున్న ఫ్రేములో కళ్ళ నడుమ 67 పిక్సెళ్ళే పడతాయి. మోచెయ్యి కాస్త వంచి 30 సెంటీమీటర్లకు తెస్తే 100 అవుతాయి. తెర మీది గుడ్డు ఆకారంలో ముఖం నిండాలని యాప్ పట్టుబట్టేది ఇందుకే. 30 కంటే ఇంకా దగ్గరికి రావద్దు. ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి ముఖం ఆకారమే మారుతుంది. పైగా చాలా ఫోన్లలో ముందు కెమెరాకు ఫోకస్ మార్చుకునే శక్తి లేదు, చెయ్యి దూరానికి ఒక్కచోట బిగించి ఉంటుంది.

ఆ బిగింపు వల్లే ఇంకో చిక్కు. కార్డును ముఖం పక్కన పట్టుకుని సెల్ఫీ తీయమంటే, అక్షరాలు కనబడాలని కార్డును కెమెరా దగ్గరికి చాపుతారు. అలా చాపితే ముఖం బాగుంటుంది, కార్డు మసకబారుతుంది. కార్డును చెంప పక్కనే, ముఖం ఉన్నంత దూరంలోనే పట్టుకోవాలి. వీలైతే ఇంట్లో ఇంకొకరిచేత వెనక కెమెరాతో తీయించుకోవచ్చు.

వెలుతురు ముఖానికి ఎదురుగా ఉండాలి. కిటికీ వెనకుంటే కెమెరా ఆ వెలుగు చూసి ముఖాన్ని నల్లబరుస్తుంది. బ్యూటీ మోడ్ ఆపేయండి, అది చీకట్లో ఫోన్ చేసే నునుపునే పట్టపగలు చేస్తుంది, కొన్నింట్లో దవడనూ కళ్ళనూ సవరిస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు, చెవులు, జుట్టు అంచులు వెనకున్న మసకలో కలిసిపోతాయి.

మసక ఫొటోను ‘క్లియర్’ చేసే యాప్‌లతో బాగుచేసుకుని పంపుదామనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ యాప్‌లు పోయిన వివరాన్ని వెనక్కి తేవు, అక్కడ ఏముండొచ్చో ఊహించి గీస్తాయి. పాన్ నంబరులో మసగ్గా ఉన్న ‘8’ని చక్కని ‘B’గా గీసిపెడితే, ఫొటో మెరుస్తుంది, వివరాలు సరిపోలవు. ఫొటో తిరస్కరించడం చిన్న ఇబ్బంది, కార్డు దిద్దారనే అనుమానం పెద్ద ఇబ్బంది.

అన్నీ సరిగ్గా చేసినా కార్డు మీదనే అచ్చు అరిగిపోయి ఉంటే ఏ కెమెరా చేయగలిగింది లేదు. ఏళ్ళ తరబడి పర్సులో రాసుకుని పాన్ కార్డు మీది ఫొటో తెల్లబడిపోయినవాళ్ళు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు ఫొటోలు తీసివ్వను. యాప్‌లో డిజీలాకర్ దారి ఉంటే కార్డు వివరాలు జారీచేసినవాళ్ళ దగ్గర నుంచే తిన్నగా వస్తాయి, కార్డు ఫొటో అవసరమే ఉండదు. ఆ దారి లేకపోతే పాన్ కార్డు మళ్ళీ అచ్చు వేయించుకోమని చెబుతాను. నంబరు అదే ఉంటుంది, కార్డు కొత్తది వస్తుంది.